చుట్టాల వేడుకలో అందరి గేటూ, మెట్టూ దెబ్బతిన్నాయి. అద్దెకున్న అబ్బాయిని ఖర్చు ఎలా అడగాలి?

పోర్టికో మాస్టారు · బుధవారం సాయంత్రం

మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు మూడంతస్తుల ఇల్లు. కింద మేముంటాం, పైన రెండు వాటాలు అద్దెకిచ్చాం. అందరికీ దారి ఒకటే. రెండు రెక్కల ఇనుప గేటు, చిన్న పోర్టికో, అక్కడి నుంచి అయిదు గ్రానైట్ మెట్లు, ఆపైన మేడమెట్లు.

మొదటి అంతస్తులో ఉన్న అబ్బాయి మంచివాడు. మూడేళ్లుగా ఉంటున్నాడు, అద్దె ఏ నెలా ఆలస్యం చేయలేదు. సిరిమానోత్సవానికి వాళ్ల అక్కా బావా పిల్లలతో వచ్చారు. ఈ ఊళ్లో పండగ వారం ఏ ఇంట చూసినా చుట్టాలే కదా. ఎలాగూ అందరూ కలిశారు కాబట్టి పిల్లవాడి మొదటి పుట్టినరోజు ఆదివారం రాత్రి మేడ మీద చేసుకుంటామన్నారు. పదిహేను మంది వస్తారని చెబితే సరే అన్నాను. వచ్చింది అరవైకి తక్కువ కాదు. కుర్చీలు, స్పీకర్లు తెచ్చిన వ్యాను వెనక్కి వస్తూ గేటు ఎడమ రెక్కను గుద్దింది. రెక్క వంగింది, దాన్ని పట్టుకున్న స్తంభం పగిలింది, స్తంభం మీది దీపం పోయింది. తెల్లవారాక చూస్తే రెండో మెట్టు అంచు కూడా విరిగి ఉంది.

మేస్త్రిని పిలిచి చూపిస్తే మొత్తం 23,400 అవుతుందన్నాడు. మా ఆవిడ ఒకటే చెప్పింది, గొంతు పెంచవద్దని. నాకూ పెంచాలని లేదు. ముప్పయ్యేళ్లు పిల్లల మీద అరిచి వచ్చినవాణ్ణి, ఇక ఓపిక లేదు. కానీ ఈ ఖర్చు నేను పెట్టుకోవడం న్యాయం కాదనిపిస్తోంది. ఈ సందేశం రాసి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదు:

«బాబూ, ఆదివారం మీ వేడుకలో గేటు, స్తంభం, మెట్లు పాడయ్యాయి. బాగుకు 23,400 అవుతుంది. వచ్చే నెల అద్దెతో కలిపి పంపగలరు. లేదా అడ్వాన్సులో మినహాయించుకుంటాను.»

ఇందులో తప్పేమైనా ఉందా? అద్దె 8,500. అడ్వాన్సు రెండు నెలలది, 17,000.

కోటగుమ్మం · బుధవారం రాత్రి

ఇందులో అడగడానికేముంది మాస్టారూ? అడ్వాన్సు తీసుకునేదే ఇందుకు. మొత్తం కోసేసుకుని, మిగతా 6,400 ఇమ్మనండి. ఇవ్వకపోతే మోటారు స్విచ్చు మీ చేతిలోనే ఉంది. రెండు రోజులు నీళ్లు ఎక్కకపోతే డబ్బు దానంతట అదే దిగివస్తుంది. మెత్తగా మాట్లాడితే ఈ కాలంలో నెత్తికెక్కుతారు.

రింగురోడ్డు · బుధవారం రాత్రి

మీరు ఖాళీ చేసేయండి అన్నయ్యా. చుట్టాలు వచ్చారని డబ్బు అడిగే ఇంటివాళ్ల దగ్గర ఉండకూడదు. ఆ వైపు వాటాలు బోలెడు దొరుకుతున్నాయి.

పోర్టికో మాస్టారు · బుధవారం రాత్రి

రింగురోడ్డు గారూ, ఇంటివాణ్ణి నేనేనండీ.

రింగురోడ్డు · బుధవారం రాత్రి

క్షమించండి మాస్టారూ. బస్సులో చదివాను. అయినా అరవై మంది అన్నారు కదా, వీధిలో షామియానా కూడా వేశారా? వేస్తే మున్సిపాలిటీ వాళ్లను అడగాలి.

తాపీ లెక్క · బుధవారం రాత్రి

షామియానా సంగతి వదిలేయండి. మాస్టారూ, ఆ 23,400లో ఏయే పనులున్నాయో విడదీసి చెప్పగలరా? నేను ఇరవై రెండేళ్లుగా ఈ జిల్లాలో ఇళ్లు కట్టిస్తున్నాను. ఎవరో డబ్బిస్తారని తెలిస్తే మా మేస్త్రులు పగిలినదాంతో పాటు పగలనిదీ కలిపి రాస్తారు. అది మోసమనుకోనక్కర్లేదు, చేతిలో పని ఉన్నప్పుడే అన్నీ చేయించుకోమని మేలు చెప్పడమే. కానీ ఆ మేలు ఖర్చు అద్దెకున్నవాడి మీద పడకూడదు.

పోర్టికో మాస్టారు · గురువారం ఉదయం

మేస్త్రిని మళ్లీ అడిగి రాసుకున్నాను. గేటు రెక్క సరిచేసి, కింది పట్టీ మార్చి, కొత్త బందు వెల్డింగ్ చేయడానికి 3,800. గేటుకు ఎర్ర ప్రైమరు, రంగు 2,600. స్తంభం పని 2,900. దీపం 650. మెట్ల గ్రానైట్ అయిదింటికీ ఒక్కోటి 1,700 చొప్పున 8,500. ఒక్క మెట్టు మారిస్తే రంగు కలవదు, అయిదూ మార్చుకోండి అన్నాడు. ప్రహరీకి లోపలా బయటా రంగు 4,950.

తాపీ లెక్క · గురువారం ఉదయం

చూశారా. ప్రహరీని వ్యాను గుద్దలేదు. నాలుగు మెట్లు విరగలేదు. ఆ రెండూ తీసేస్తే 11,650 మిగిలింది. మీరు ఆ సందేశం పంపి ఉంటే ఆ అబ్బాయి తిన్నగా ప్రహరీ దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. ఆ తరువాత గేటు గురించి మీరు ఎంత నిజం చెప్పినా వినిపించదు.

ఈ 11,650లో కూడా ఆదివారం దెబ్బ ఎంత, పాత జబ్బు ఎంత అన్నది చూడాలి. నేను ఇక్కడి నుంచి చెప్పలేను. మీరు పగటి వెలుతురులో కిందకు వంగి చూడాలి.

మొదట స్తంభం. పగులు లోపల చూడండి, మొన్నటి సున్నమో రంగో ఆ పగుల్లోకి దిగి ఎండి ఉందా? ఉంటే ఆ పగులు రంగు వేసిన నాటికే ఉంది, వ్యానుకు దాంతో సంబంధం లేదు. పచ్చగా నాచు కనిపించినా అంతే. మొన్న పగిలినదైతే అంచులు పదునుగా, లోపల సిమెంటు లేత బూడిద రంగులో శుభ్రంగా ఉంటుంది. తరువాత సుత్తి పిడితో చుట్టూ మెల్లగా తట్టండి. డొల్లగా మోగినంత మేర పూత గోడను వదిలేసిందని లెక్క. అసలు చూడవలసింది బందును స్తంభంలో పట్టుకుని ఉండే హోల్డ్‌ఫాస్ట్. రెక్క చివర పట్టుకుని కొంచెం ఎత్తి వదలండి. బందు దగ్గర స్తంభమే కదిలితే హోల్డ్‌ఫాస్ట్ వదులైంది. అది ఊరికే పైపూతతో పోయే పని కాదు, గుంట తవ్వి కాంక్రీటుతో మళ్లీ బిగించాలి. బిగించాక వారం రోజులైనా తడుపుతూ రెక్క తగిలించకుండా ఉంచాలి. చాలామంది మర్నాడే గేటు తగిలించేస్తారు, ఆరు నెలల్లో మళ్లీ వాలిపోతుంది. అప్పుడు ఆ తప్పు కూడా పాపం వ్యాను మీదకే పోతుంది.

రెక్క కింది పట్టీ చూడండి. పోర్టికో కడిగిన నీళ్లు రోజూ అక్కడ నిలిస్తే, మన వైపు సముద్రపు గాలికి ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది. స్క్రూడ్రైవరుతో గుచ్చితే దిగిపోయిందా, అది ఏళ్ల తుప్పు. మొన్న గీసుకుపోయిన చోట పైపైన నారింజ పొడి మాత్రమే ఉంటుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది.

మెట్టు విరిగిన ముక్క దొరికిందా? దొరికితే దాచండి.

నాగావళి గట్టు · గురువారం మధ్యాహ్నం

మాది శ్రీకాకుళం. నేను అద్దెకుండేవాణ్ణి కాబట్టి అటు వైపు నుంచి చెబుతాను. రెండేళ్ల కిందట ఇల్లు మారుతున్నప్పుడు మా ఇంటాయన అడ్వాన్సు నుంచి 9,000 పట్టుకున్నారు. ఎందుకంటే గోడలకు రంగు అన్నారు. అయిదేళ్లు ఉన్న ఇంట్లో గోడలు మాయకుండా ఎలా ఉంటాయి? ఒక్క బిల్లు చూపించలేదు. చూపించి ఉంటే సగమైనా సంతోషంగా వదులుకునేవాణ్ణి. డబ్బు పోయినందుకు కాదు బాధ. ఆ అయిదేళ్లూ మా ఆవిడ వాళ్లింటికి పంపిన గారెల పళ్లాలు గుర్తుకొస్తాయి.

మాస్టారి సందేశం చదివితే నాకు అదే ఇంటాయన గొంతు వినిపించింది. «లేదా» అన్న ఒక్క మాట చాలు.

కోటగుమ్మం · గురువారం మధ్యాహ్నం

మీ గారెల కథకూ దీనికీ సంబంధం లేదండీ. ఇక్కడ వ్యాను గుద్దింది. చట్టంలో కూడా అద్దెదారుడు ఇల్లు తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలని ఉంది. మామూలు అరుగుదల తప్ప మిగతాది అతనిదే బాధ్యత. ఇది తప్పని ఎవరైనా చెప్పండి చూద్దాం.

వకీలు గుమాస్తా · గురువారం సాయంత్రం

తప్పు కాదు, సగం. మీరు చెప్పినది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. కానీ అది అద్దెకిచ్చిన ఆస్తి గురించి. మాస్టారూ, మీ ఒప్పంద పత్రం చివర షెడ్యూలు ఉంటుంది, అందులో ఏమి రాశారో చూడండి. మా ఆఫీసుకు వచ్చే పదకొండు నెలల పత్రాల్లో పదింటికి తొమ్మిదింట «మొదటి అంతస్తు వాటా» అని మాత్రమే ఉంటుంది. గేటు, పోర్టికో, మెట్లు అతను వాడుకునే దారి, అతనికి అద్దెకిచ్చిన వాటా కాదు. వాటి మీద మీ స్వాధీనం మీదే. కాబట్టి ఆ సెక్షన్ చూపించి డబ్బు అడిగితే, తెలిసినవాడు ఎదురు ప్రశ్న వేస్తాడు.

అలాగని అతనికి బాధ్యత లేదనడం లేదు. పత్రంలో «అద్దెదారు, అతని అతిథులు ఉమ్మడి భాగాలకు కలిగించే నష్టం» అనే మాట ఉంటే నేరుగా అతనిదే. లేకపోతే ఎవరి అజాగ్రత్త వల్ల జరిగింది అన్నది చూడాలి. మొదటి చేయి వ్యాను డ్రైవరుది. వ్యాను పిలిపించింది బావగారు. పదిహేను మందికి అనుమతి తీసుకుని అరవై మందిని రానిచ్చింది మీ అబ్బాయి. ఇక్కడ వాదం నడుస్తుంది. గట్టిదే, కానీ తిరుగులేనిది కాదు. అందుకే అధికారంగా డిమాండ్ చేయకుండా, లెక్క చూపించి అడగడం మంచిది. మర్యాద కోసం మాత్రమే కాదు, చట్టం వైపు నుంచి చూసినా అదే తెలివైన పని.

వ్యానుకు బీమా ఉంటుంది, ఇతరుల ఆస్తికి జరిగిన నష్టం కూడా దాని కిందకు వస్తుంది. కానీ పోలీసు ఫిర్యాదు, ట్రిబ్యునల్, ఇవన్నీ పదకొండు వేల కోసం ఎవరూ తిరగరు. వ్యాను యజమానికి ఫోను చేసి బతిమాలుకోవడమే జరుగుతుంది, అది బావగారి పని.

అడ్వాన్సు గురించి: ఖాళీ చేసేటప్పుడు లెక్క చూసుకోవడానికి తీసుకున్నది అది. మధ్యలో మీరు కోసుకుంటే అతను రేపు ఒక నెల అద్దె ఆపి, అదీ అడ్వాన్సులో చూసుకోండి అంటాడు. అప్పుడు మీ దగ్గర సమాధానం ఉండదు. ఇక నీళ్లు ఆపడం మాత్రం కలలో కూడా చేయకండి. ఇప్పటిదాకా తప్పు అటు వైపు ఉంది. ఆ రోజుతో మీ వైపు వస్తుంది.

పోర్టికో మాస్టారు · గురువారం సాయంత్రం

పత్రం తీశాను. గుమాస్తా గారు చెప్పినట్టే «మొదటి అంతస్తు వాటా» అని ఉంది. ఉమ్మడి భాగాల మాటే లేదు. నష్టం గురించి ఒక వాక్యం ఉంది కానీ అది «ఇంటి లోపలి అమరికలకు» అని రాశారు. ఆ పత్రం రాయించింది నేనే, అక్షరదోషాలు కూడా దిద్దాను.

నీళ్లు ఆపే ఉద్దేశం మొదటి నుంచీ లేదు. పై వాటాలో చంటిపిల్ల ఉంది.

పెరటి గుమ్మం · గురువారం రాత్రి

అందరూ సిమెంటు గురించి, సెక్షన్ల గురించి మాట్లాడుతున్నారు. ఆడదాన్ని కాబట్టి నాకు వేరేది కనిపిస్తోంది. మాస్టారూ, బావగారు వెళ్లిపోయారా, ఇంకా ఇంట్లోనే ఉన్నారా?

పోర్టికో మాస్టారు · గురువారం రాత్రి

ఉన్నారమ్మా. రేపు పొద్దున్న బయలుదేరుతున్నారట.

పెరటి గుమ్మం · గురువారం రాత్రి

అయితే రేపు మధ్యాహ్నం దాకా ఒక్క మాట అనకండి. అక్కమొగుడు ఇంట్లో ఉండగా ఇంటాయన వచ్చి డబ్బు అడిగితే ఆ అబ్బాయికి రెండే దారులు. ఇవ్వనని మీ మీద లేవాలి, లేదా అక్కడికక్కడే మొత్తం ఇచ్చేసి లోపల కుమిలిపోవాలి. నెమ్మదిగా ఆలోచించే వీలు ఉండదు.

ఇంకొకటి. వ్యాను పిలిచింది బావగారే అయినా, ఆ అబ్బాయి బావను డబ్బు అడగలేడు. మన ఇళ్లలో ఇంటి అల్లుడిని పట్టుకుని «మీ వ్యాను గేటు గుద్దింది, ఇంత ఇవ్వండి» అని ఎవరంటారు? అక్క కాపురంలో ఆ మాట పదేళ్లు తిరుగుతుంది. కాబట్టి ఆ భారం చివరికి అతని జేబు మీదే పడుతుందని తెలిసి అడగండి. «మీ బావగారిని అడిగి ఇప్పించు» అని మాత్రం అనకండి. బిల్లులు అతని పేరున, తేదీలతో ఇవ్వండి. అడగాలనిపిస్తే ఆ కాగితం అక్కకు తనే చూపించుకుంటాడు. అది వాళ్లింటి సంగతి.

ఇంటివాళ్లందరూ ఉన్న వాట్సాప్ గుంపులో పెట్టకండి. పై వాటా వాళ్లు చూస్తారు.

కోటగుమ్మం · గురువారం రాత్రి

ఇన్ని మర్యాదలు చూసుకుంటూ పోతే గేటు ఎప్పుడు నిలబడుతుంది?

తాపీ లెక్క · గురువారం రాత్రి

పండగ వారంలో ఎలాగూ వెల్డరు దొరకడు.

పోర్టికో మాస్టారు · శుక్రవారం ఉదయం

ఉదయం ఆరింటికి స్క్రూడ్రైవరు, సుత్తి పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాను. పాలబ్బాయి నన్ను చూసి తాళంచెవి పోయిందా అని అడిగాడు.

ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. కింది పట్టీలోకి స్క్రూడ్రైవరు అరటిపండులోకి దిగినట్టు దిగింది. అదంతా పాత తుప్పు. పైగా దాని మూలలో ఇనుప తీగ చుట్టి ఉంది, వర్షాకాలం మొదట్లో నేనే చుట్టాను, మరిచిపోయాను. స్తంభానికి రెండు పగుళ్లున్నాయి. కిందిదాంట్లో నాచు ఉంది, రంగు కూడా దిగి ఉంది. పైది, బందు దగ్గరది, కొత్తది. రెక్క ఎత్తి వదిలితే బందు దగ్గర స్తంభం కదులుతోంది. మెట్టు ముక్క దొరికింది. విరిగిన చోట గింజలు మెరుస్తున్నాయి, మురికి పట్టలేదు.

ఆ ముక్క అతికించుకోవచ్చా?

తాపీ లెక్క · శుక్రవారం ఉదయం

మెరుస్తోందంటే కొత్త విరుగుడే. అతికించే జిగురు ఉంది కానీ మెట్టు అంచున నిలవదు. ప్రతి అడుగూ అక్కడే పడుతుంది, ఒక రోజు ఎవరి కాలి కిందో లేచిపోతుంది. పలక మార్చాలి. రంగు కలవదన్నది నిజమే కానీ, మీది మన టెక్కలి నీలం రాయే అయితే అంత భయం లేదు. ముక్క పట్టుకుని అటు పాలిష్ పట్టే చోటికి వెళితే, కోతలో మిగిలిన పలకల్లో దగ్గరి ఛాయ వెతికి ఇస్తారు. అచ్చంగా అదే రాదు. ఒకే గని రాయి కూడా ఒక లోడుకూ ఇంకో లోడుకూ తేడా ఉంటుంది. ఆ కొంచెం తేడాను మీరు భరించాలి, అద్దెకున్నవాడు కాదు.

మీరు చూసినదాన్ని బట్టి నా లెక్క ఇది. వెల్డింగ్ 3,800లో కింది పట్టీకి 1,200 అవుతుంది. అది మీది, అతనిది 2,600. రంగు సంగతి, గేటుకు చివరిసారి ఎప్పుడు వేశారు?

పోర్టికో మాస్టారు · శుక్రవారం ఉదయం

ఆరేళ్లయింది.

తాపీ లెక్క · శుక్రవారం ఉదయం

అయితే ఎలాగూ ఈ ఏడు వేయవలసిందే. దెబ్బతిన్నది ఒక రెక్కే కాబట్టి 2,600లో సగం 1,300, అందులోనూ రంగు వయసు తీరింది కాబట్టి సగం, 650. స్తంభం 2,900లో పాత పగులు మీది, హోల్డ్‌ఫాస్ట్ అతనిది, సగం వేసుకుంటే 1,450. దీపం 650 పూర్తిగా అతనిదే. మొత్తం 5,350. మెట్టు కలిపితే 7,050.

ఇది దైవవాక్కు కాదు. రంగులో సగానికి సగం అన్నది నా అంచనా, ఇంకొకరు మొత్తం మీదే అనవచ్చు.

కోటగుమ్మం · శుక్రవారం ఉదయం

23,400 కాస్తా 7,050 అయింది. ఇంకో రెండు రోజులు చర్చిస్తే మాస్టారే ఎదురు ఇవ్వాలి.

నాగావళి గట్టు · శుక్రవారం మధ్యాహ్నం

కోటగుమ్మం గారికి మొదటిసారి నవ్వాను.

మాస్టారూ, ఒక మాట. అంకె చెప్పే ముందు అతన్ని గేటు దగ్గరికి పిలిచి, ఏమి జరిగిందో అతని నోటితో చెప్పనివ్వండి. మీకు తెలియనిది ఏదో ఒకటి అతనికి తెలిసి ఉంటుంది. నన్ను ఆ ఇంటాయన అడగనిది అదే.

వకీలు గుమాస్తా · శుక్రవారం మధ్యాహ్నం

మాట్లాడిన తరువాత ఏది ఒప్పుకున్నా ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఏ పనికి ఎంత, ఎప్పటిలోగా, ఇవి చాలు. «ఈ మొత్తంతో ఆదివారం నాటి నష్టం లెక్క తీరింది, అడ్వాన్సు 17,000 యథాతథం» అన్న వాక్యం మరిచిపోకండి. అతనికి ధైర్యం ఇచ్చేది ఆ వాక్యమే.

కుదరకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు ఇవ్వవచ్చు. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ, మళ్లీ అప్పీలు ఉండదు. కానీ ఇద్దరూ ఒప్పుకుంటేనే. మీకు అంత దూరం పోతుందనుకోను.

పోర్టికో మాస్టారు · ఆదివారం రాత్రి

మాట్లాడాను. రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

శుక్రవారం సాయంత్రం పనిలోంచి వచ్చాక, «బాబూ, టీ తాగి ఒకసారి గేటు దగ్గరికి రా, ఇద్దరం చూద్దాం» అన్నాను. వచ్చాడు. వస్తూనే «మాస్టారూ, నేనే వచ్చి మాట్లాడదామనుకున్నాను, బావగారు ఉన్నారని ఆగాను» అన్నాడు. పెరటి గుమ్మం అమ్మకు నమస్కారం.

అంకె చెప్పలేదు. ఆ రాత్రి ఏమయిందో చెప్పమన్నాను. వ్యాను వెనక్కి వస్తుంటే కుడి రెక్క తీసి ఉంది కానీ ఎడమ రెక్క నేల గడియ పడిపోయి సగానికి అడ్డం వచ్చిందట. ఆ గడియ వదులుగా ఉందని నాకు ముందే తెలుసు. అయినా వెనక నిలబడి చూడవలసిన మనిషిని తను పెట్టలేదని తనే అన్నాడు. పదిహేను మంది అరవై ఎలా అయ్యారని నేను అడగలేదు. అతనే చెప్పాడు, అక్క అత్తవారి వైపు వాళ్లు చెప్పకుండా దిగారట. చెబుతున్నప్పుడు ముఖం చూస్తే ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

తరువాత కాగితం చూపించాను. ఎడమ వరుసలో పని, మధ్యలో నా వాటా, కుడివైపు అతని వాటా. ఇనుప తీగ నేనే కట్టానని చెప్పి చూపించాను. అతను అన్నిటికంటే ఎక్కువ సేపు చూసింది నా వాటా వరుసనే. 5,350కి అభ్యంతరం లేదన్నాడు. ఇప్పుడు 3,000, జీతం వచ్చాక 2,350. గుమాస్తా గారు చెప్పిన వాక్యంతో సహా రాసుకుని సంతకాలు చేశాం. 3,000 అప్పుడే ఫోనులో పంపాడు, నేను రసీదు ఇచ్చాను.

చిక్కు మెట్టు దగ్గర వచ్చింది. మెట్టు తమ వాళ్ల వల్ల విరగలేదంటున్నాడు. ఆదివారం సాయంత్రం ఏడింటికి పిల్లవాణ్ణి మెట్ల మీద కూర్చోబెట్టి తీసిన ఫొటోలు చూపించాడు. అంచు నిండుగా ఉంది. రాత్రి పదకొండుకు అతిథులు వెళుతూ తీసుకున్న ఫొటో ఇంకొకటి ఉంది, అందులో ఆ చోట ఎవరిదో చీర అడ్డం వచ్చింది. నేను మెట్టు చూసింది సోమవారం ఉదయం తొమ్మిదికి. సోమవారం తెల్లవారుజామున పై వాటావాళ్లు పాత ఇనుప బీరువా దింపించారట, ఆ చప్పుడుకు తనకు మెలకువ వచ్చిందంటాడు. బీరువా దింపిన సంగతి నాకు తెలియదు. తొలేళ్ల హడావిడిలో మేము తెల్లవారకముందే గుడికి వెళ్లాం.

కోటగుమ్మం · ఆదివారం రాత్రి

ఇదిగో, మెత్తగా అడిగితే ఇలాగే పక్కవాడి మీదకు తోస్తారు.

నాగావళి గట్టు · ఆదివారం రాత్రి

తోసేవాడు అంచు నిండుగా ఉన్న ఫొటో తనంతట తాను చూపించడు కదండీ. అది అతనికే వ్యతిరేకం. ఏడింటి దాకా మెట్టు బాగుందంటే, ఆ తరువాతే విరిగిందని ఒప్పుకున్నట్టే.

తాపీ లెక్క · ఆదివారం రాత్రి

ముక్క ఆకారం ఎలా ఉంది మాస్టారూ? బీరువా కాలు పైనుంచి పడితే పైముఖం మీద చిన్న తెల్లటి నలుగు, పిండి చేసినట్టు, ఒక బిందువు దగ్గర ఉంటుంది. స్పీకరు పెట్టె ఈడ్చితే అంచు పొడుగునా గీత ఉంటుంది.

పోర్టికో మాస్టారు · ఆదివారం రాత్రి

ఇప్పుడే టార్చి వేసి చూశాను. నలుగు ఉంది. దాని పక్కనే గీత కూడా ఉంది.

తాపీ లెక్క · ఆదివారం రాత్రి

అయితే నేను చెప్పలేను. స్పీకరు పెట్టె మూలకు ఇనుప తొడుగు ఉంటే అది కూడా నలుగు పెడుతుంది.

పెరటి గుమ్మం · సోమవారం ఉదయం

పై వాటావాళ్లను అడిగారా?

పోర్టికో మాస్టారు · సోమవారం ఉదయం

ఇంకా లేదమ్మా. అడిగితే మొదటి అంతస్తు అబ్బాయి చెప్పాడని వాళ్లకు తెలిసిపోతుంది. ఇద్దరూ ఒకే మెట్ల మీద రోజూ ఎదురుపడతారు. ఎవరి పేరూ ఎత్తకుండా, మొన్న సోమవారం బీరువా దింపేటప్పుడు మెట్టు ఎలా ఉందో గుర్తుందా అని మాత్రం అడగాలనుకుంటున్నాను. వాళ్లు కాదంటే 1,700 నేనే పెట్టుకుంటాను.

వెల్డరు బుధవారం వస్తానన్నాడు. హోల్డ్‌ఫాస్ట్ బిగించాక వారం రోజులు ఎడమ రెక్క ప్రహరీకి ఆనించి పెడతాం. ఆ వారం గేటుకు అడ్డంగా తాడు కడదామని ఆ అబ్బాయే అన్నాడు, వీధి ఆవులు పోర్టికోలోకి వస్తాయని. మెట్టు ముక్కను పాత దినపత్రికలో చుట్టి మీటరు పెట్టె కింద పెట్టాను. టెక్కలి వైపు ఎవరైనా వెళుతుంటే చెప్పండి, ఛాయ చూడడానికి పంపిస్తాను.

రింగురోడ్డు · సోమవారం ఉదయం

నేను గురువారం పలాస వెళుతున్నాను మాస్టారూ. టెక్కలిలో దిగుతాను. ఈసారి సరిగ్గానే చదివాను.